ఇంట్లో ఉద్యోగం పోయినప్పుడు కాలేజీకి పెట్టుకునే అర్జీ

అందరికీ నమస్కారం. అమెరికాలో లేఆఫ్ జరిగిన ఇంట్లో కాలేజీ చదివే పిల్లో పిల్లాడో ఉంటే, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఏం రాయాలి, ఏ లెక్క చూపించాలి అన్నదే ఈ రోజు విషయం.

చిక్కు ఫాఫ్సాలోనే, అంటే ఫెడరల్ సాయం కోసం నింపే ఫారంలోనే ఉంది. 2026-27 చదువుకు అది చూసేది 2024 ఆదాయాన్ని. 2026 మార్చి ఆఖర్న నాన్న ఉద్యోగం పోయినా ఆ ఫారానికి ఆ సంగతి తెలియదు. అందుకని కొందరు ఫారంలోనే ఇప్పటి ఆదాయం వేసేస్తారు. అలా చేయకండి. ఫారంలో 2024 లెక్క ఉన్నదున్నట్టే ఉండాలి. తర్వాత కాలేజీకి విడిగా అర్జీ పెట్టాలి. దాన్ని పరిశీలించి ఆదాయం అంకెను మార్చే అధికారం ఎయిడ్ ఆఫీసరుకు చట్టం ఇచ్చింది. దాన్నే ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. ఇలాంటి అర్జీలు అసలు తీసుకోబోమని కాలేజీ నియమం పెట్టుకోవడానికి వీల్లేదు. అయితే ప్రతి అర్జీకీ ఒప్పుకోవాలని కూడా లేదు. కాలేజీ కాదంటే విద్యాశాఖకు వెళ్లి మార్పించుకునే దారి లేదు కాబట్టి, మొదటిసారే గట్టిగా రాయాలి.

గట్టిగా అంటే బాధ ఎక్కువగా చెప్పడం కాదు, లెక్క సరిగ్గా చూపించడం. ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. అందరికీ గ్రీన్‌కార్డులున్నాయి. 2024లో నాన్న జీతం 1,30,000 డాలర్లు, అమ్మ పార్ట్‌టైమ్ సంపాదన 24,000. మొత్తం 1,54,000. అమ్మాయి ఉత్తరంలో "మాకిప్పుడు అమ్మ జీతం తప్ప ఆదాయం లేదు" అని రాసింది. అర్జీ దెబ్బతినేది ఇక్కడే. ఆఫీసరు అడిగేది ఈ నెల పరిస్థితి కాదు, ఏడాది మొత్తం మీద చేతికొచ్చేది. మార్చి వరకు 13 వారాల జీతం 32,500. ఎనిమిది వారాల సెవరెన్స్ 20,000. నిరుద్యోగ భృతి వారానికి 450 చొప్పున 26 వారాలు వస్తుందనుకుంటే 11,700. అమ్మవి 24,000. వెరసి 88,200. భృతి ఎంత, ఎన్ని వారాలు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీకొచ్చిన ఉత్తరంలోని అంకెనే వాడండి.

సెవరెన్స్ దాచిపెడితే ఆఖరి పేస్లిప్‌లోనో, లేఆఫ్ ఉత్తరంలోనో బయటపడుతుంది. అప్పుడు మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. మీరే ముందుగా చూపిస్తే 1,54,000కీ 88,200కీ ఉన్న తేడా దానంతటదే మాట్లాడుతుంది.

కాగితాలు ఎక్కువేం అక్కర్లేదు. చివరి పనిరోజు తేదీ ఉన్న లేఆఫ్ ఉత్తరం, సెవరెన్స్ వివరం, ఆఖరి పేస్లిప్, భృతి ఎంతో చెప్పే రాష్ట్రం ఉత్తరం, అమ్మ తాజా పేస్లిప్. చాలా కాలేజీలకు సొంత ఫారం ఉంటుంది, ముందు అది అడిగి తీసుకోండి. మీ ఫాఫ్సా వెరిఫికేషన్‌కు, అంటే అంకెల తనిఖీకి ఎంపికైతే అది పూర్తయ్యే దాకా అర్జీ కదలదు. ఫాఫ్సాతో పాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడిగే కాలేజీ అయితే, సొంత నిధుల నుంచి ఇచ్చే గ్రాంటును కూడా మళ్లీ చూడమని అదే ఉత్తరంలో అడగండి. ఈ స్థాయి ఆదాయానికి అసలు సాయం దొరికేది ఎక్కువగా అక్కడే.

ఉత్తరం విద్యార్థే రాయాలి, ఒక పేజీ దాటకూడదు. "మార్చి 31న మా నాన్నగారి ఉద్యోగం పోయింది. 2024లో మా ఇంటి ఆదాయం 1,54,000 డాలర్లు, 2026లో 88,200 వస్తుందని అంచనా. లెక్క, ఆధారాలు జతచేశాను. ఈ అంకెతో నా ఎయిడ్‌ను తిరిగి లెక్కించగలరు." ఇంతే అసలు సారం. కారు వాయిదాలు, క్రెడిట్ కార్డు బాకీలు రాయకండి, వాటిని మామూలు ఖర్చులుగానే చూస్తారు. ఇన్సూరెన్స్ ఇవ్వని వైద్యం ఖర్చుంటే మాత్రం బిల్లులతో సహా చూపించండి.

ఈ మధ్యలో చాలామంది తల్లిదండ్రులు ఫీజు కోసం 401(కె) తీస్తారు. ఆ డబ్బు మామూలుగా ఆ ఏడాది ఆదాయంలో కలిసిపోయి 88,200ను పైకి లాగుతుంది. వీలైతే అర్జీ తేలేదాకా ఆగండి.

జవాబొచ్చాక మొత్తం ఒక్కటే చూసి సంబరపడొద్దు. పెరిగింది గ్రాంటా, లోనా అని ఒక్కో వరుసా చదవండి. ఒక్కోసారి వడ్డీ పడే లోన్‌లో కొంత, చదువుకునేటప్పుడు వడ్డీ పడని లోన్‌గా మారుతుంది. అదీ మేలే కానీ, తిరిగి కట్టాల్సిన డబ్బే.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. 2027-28 ఫాఫ్సా చూసేది 2025 ఆదాయాన్ని, అంటే మళ్లీ పూర్తి జీతమున్న ఏడాదినే. 2026లో తగ్గిన ఆదాయం ఫారంలో కనిపించేది 2028-29కి. 2027-28 నాటికీ ఇంట్లో పరిస్థితి కుదుటపడకపోతే, ఆ ఏడాదికి కొత్త కాగితాలతో ఇదే అర్జీ మళ్లీ పెట్టాలి. అందుకని ఈ ఏడాది పంపిన ప్రతి కాగితం నకలు ఒక ఫోల్డరులో దాచి ఉంచండి.