మిలమిల మిలమిల చుక్కమ్మా: ఒక ఇంగ్లిష్ పాట తెలుగులోకి ఎలా వచ్చింది

[తెర మీద: నల్లటి ఆకాశం, ఒకే ఒక చుక్క. మాటలు లేకుండా పాట బాణీ మాత్రం వినిపిస్తుంది.]

ఈ బాణీ తెలియని ఇల్లు మన దగ్గర ఇప్పుడు దాదాపు లేదు. "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్". జేన్ టేలర్ రాసిన ఈ కవిత 1806లో లండన్‌లో అచ్చయింది. బాణీ అంతకన్నా పాతది, ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మా అక్క కూతురికి రెండున్నరేళ్ళు. ఈ పాటను అర్థం తెలియకుండానే చక్కగా పాడేస్తుంది. దానికి అర్థమయ్యే మాటలతో ఇదే బాణీలో పాడి వినిపించాలని కూర్చున్నాను. నాలుగు పాదాలకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు పాదాలూ ఎలా కుదిరాయో చూపిస్తాను.

[తెర మీద: "మెరుపు మెరుపు చిన్న నక్షత్రం"]

మొదట అందరూ రాసేదే నేనూ రాశాను. చదువుకుంటే తప్పేమీ కనిపించదు. పాడి చూడండి, రెండో మాటకే నాలుక తడబడుతుంది. ఎందుకో తెలియాలంటే బాణీని లెక్కపెట్టాలి.

[తెర మీద: ఏడు గుండ్రాలు వరసగా వెలుగుతాయి. ఏడోది మిగతావాటికి రెట్టింపు పొడవు.]

చప్పట్లు కొడుతూ వినండి. పాదానికి ఏడు స్వరాలు. మొదటి ఆరూ సమానం, ఏడోది రెండు దెబ్బల సేపు నిలుస్తుంది. మొత్తం ఎనిమిది దెబ్బలు. ఇంగ్లిష్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం పడుతుంది. ఆ భాషలో ఊనికను బట్టి అక్షరం సాగినా కుదించుకున్నా అర్థం మారదు. తెలుగులో మారుతుంది. "వల"ను సాగదీస్తే "వాలా" అవుతుంది. "పులి"ని సాగదీస్తే "పూలీ" అవుతుంది. మాటలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు అది వేరే మాటే.

అందుకని దెబ్బకు రెండు మాత్రలు అనుకున్నాను. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. దీర్ఘం ఉన్న అక్షరం, సున్న ఉన్నది, ఒత్తు అక్షరానికి ముందున్నది, ఇవన్నీ గురువులు, మిగతావి లఘువులు. ఒక్క గురువు ఒక దెబ్బను నింపుతుంది. లేదంటే రెండు లఘువులు కలిసి నింపుతాయి. పాదం మొత్తం నాలుగు "తకధిమి"లు. ఇది మన పాటలకు అలవాటైన చతురస్ర నడకే. ఇప్పుడు "మెరుపు మెరుపు" ఎందుకు కుదరలేదో తెలుస్తుంది. అది మూడు, మూడు. బాణీ రెండేసి అడుగులు వేస్తుంటే మాట మూడేసి వేస్తోంది. "నక్షత్రం"లోని క్ష, త్ర రెండేళ్ళ నోటికి ఎలాగూ బరువే.

[తెర మీద: మిల | మిల | మిల | మిల | చుక్ | కమ్ | మా]

"మిలమిల" అచ్చంగా "తకధిమి". అలాంటివి రెండు పెడితే నాలుగు స్వరాలు నిండాయి. ఇంకా మూడు మిగిలాయి. "చుక్క" అనే మాట పెట్టాలి, "చిన్న" అనే ముద్దు పోకూడదు. "చిన్ని చుక్కా" అంటే లెక్క తప్పుతోంది. ముద్దును విశేషణంలోనే పెట్టాలా? పిల్లలతో మాట్లాడేటప్పుడు మనం చీమను చీమమ్మ అంటాం, పిట్టను పిట్టమ్మ అంటాం. "చుక్కమ్మా" అనగానే మూడు స్వరాలూ నిండాయి, చివర నిలపడానికి "మా" అనే దీర్ఘమూ దొరికింది. ఆ ఏడో స్వరం దగ్గర దీర్ఘం లేకపోతే పాట చతికిలబడుతుంది.

రెండో పాదంలో "హౌ ఐ వండర్" ఉంది. "ఆశ్చర్యపోతున్నాను" అని ఏ పసిపిల్లా అనదు. ఆశ్చర్యం కలిగితే అడుగుతుంది. కాబట్టి అది ప్రశ్న కావాలి.

[తెర మీద: నువ్ | వెవ | రో | మరి | చెప్ | పమ్ | మా]

"ఏమిటో" అని కాకుండా "ఎవరో" అన్నాను. చందమామను మామ అని పిలిచే పిల్లలకు చుక్క వస్తువు కాదు, మనిషే.

ఇక ప్రాస. ఇంగ్లిష్‌లో స్టార్‌కు ఆర్, హైకి స్కై. తెలుగులో అంత్యప్రాస తేలిక. క్రియలూ విభక్తులూ చివరికే వస్తాయి కాబట్టి ఏ రెండు పాదాలైనా "లో"తోనో "వే"తోనో ముగించవచ్చు. ఆ తేలికే మోసం చేస్తుంది. మూడో పాదానికి నా మొదటి ప్రయత్నం ఇది: "కొండల కన్నా ఎత్తుల్లో". నాలుగోది "చీకట్లో" అని ముగిసింది. లెక్క సరిపోయింది, కానీ రెండు పాదాలూ కలిసి మోగలేదు. "లో" ఒక్కటే కలిసింది, దాని ముందున్నది కలవలేదు. విభక్తికి ముందున్న అక్షరం కూడా కలిస్తేనే పిల్లల చెవికి ఆట అనిపిస్తుంది. "చీకట్లో"కి జోడీ కోసం వెతుకుతూ రెండు రోజులు తిరిగాను. చివరికి ముగ్గు వేస్తున్న అమ్మను చూస్తుంటే దొరికింది.

[తెర మీద: మబ్ | బుల | పై | నీ | వా | కిట్ | లో]

వాకిట్లో, చీకట్లో. "కట్లో, కిట్లో" అని చప్పట్లకు సరిగ్గా అందుతాయి. "చాలా ఎత్తున" అనే మాట పోయింది, కానీ మబ్బుల మీద చుక్కమ్మకు ఒక ఇల్లు వచ్చింది.

నాలుగో పాదంలో వజ్రం ఉంది. ఏ రెండేళ్ళ పిల్ల వజ్రాన్ని చూసింది? మినుకుమనేది, చిన్నది, రోజూ కంటికి కనిపించేది కావాలి. మా అమ్మ ముక్కున ఉంది అది.

[తెర మీద: ముక్ | కుపు | డక | లా | చీ | కట్ | లో]

దీనితో ఆట కూడా వచ్చింది. "మిలమిల" అన్నప్పుడు గుప్పిళ్ళు తెరిచి మూయాలి, "మబ్బులపై" అన్నప్పుడు చేతులెత్తాలి, "ముక్కు" అనగానే ముక్కు పట్టుకోవాలి. నాలుగో పాదంలో క్రియ లేదని మీకు అనిపించి ఉంటుంది. పాట చివర మొదటి రెండు పాదాలూ మళ్ళీ వస్తాయి కదా. "ముక్కుపుడకలా చీకట్లో" తర్వాత "మిలమిల మిలమిల" అనగానే వాక్యం పూర్తవుతుంది.

[తెర మీద: నాలుగు పాదాలూ ఒకచోట]

మిలమిల మిలమిల చుక్కమ్మా
నువ్వెవరో మరి చెప్పమ్మా
మబ్బులపై నీ వాకిట్లో
ముక్కుపుడకలా చీకట్లో

దీనికి ఒక పరిమితి ఉంది. కాస్త వడిగా పాడితేనే బాగుంటుంది. నిద్రపుచ్చడానికి మెల్లగా పాడితే "చుక్" సాగి "చూ...క్కమ్మా" అయిపోతుంది. ద్విత్వాలను సాగదీయలేం. జోలపాటగా కావాలంటే ద్విత్వాలు తీసేసి, "తారా", "రావా" లాంటి నిజమైన దీర్ఘాలతో వేరే పాఠం రాసుకోవాలి.

సరిగ్గా కుదిరిందో లేదో రెండు రకాలుగా చూశాను. నేను పాడి వినిపించకుండా కాగితాన్ని మా అక్కకు ఇచ్చి, "ట్వింకిల్" బాణీలో పాడమన్నాను. ఎక్కడైనా ఆగితే ఆ మాట మార్చాలన్నది లెక్క. "నువ్వెవరో" దగ్గర ఒక్కసారి ఆగింది, రెండోసారి ఆగలేదు. దాన్ని అలాగే ఉంచాను. పిల్ల దగ్గర మాత్రం పాదం చివరి మాట నేను మింగేసి ఎదురుచూశాను. మూడో రోజు సాయంత్రం "మబ్బులపై నీ..." అని ఆగాను. "వాకిత్లో!" అంది. నాలుగో పాదం మొదలుపెట్టకముందే పరుగెత్తుకెళ్ళి అమ్మమ్మ ముక్కు పట్టుకుంది.