మందుల చీటీలో ఓడి, బిడి, ఎస్ఓఎస్: ఏ గోలీ ఎన్నింటికి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ఫోన్-ఇన్‌లో డాక్టర్లు మందు పేరు పక్కన రాసే పొడి అక్షరాల సంగతి మాట్లాడుకుందాం. ఆసుపత్రి మందుల కౌంటర్‌లో ఏళ్ళ తరబడి చీటీలు చదివిన ఫార్మసిస్టు గారు స్టూడియోలో ఉన్నారు. నమస్కారమండీ.

ఫార్మసిస్టు: నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఓడి అంటే రోజుకు ఒకసారి, బిడి అంటే రోజుకు రెండుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తేడా వచ్చేది ఆ తర్వాతే. ఆ అక్షరాలు ఎన్నిసార్లో చెబుతాయి కానీ ఎన్నింటికో చెప్పవు.

వ్యాఖ్యాత: సరే, మొదటి కాలర్ లైన్‌లో ఉన్నారు. ఎక్కడినుంచమ్మా?

కాలర్: నమస్తే మేడమ్, కోదాడ నుంచి. మా అత్తమ్మకు దవాఖానాల చీటీ రాసిచ్చిన్రు. నాలుగు రకాల గోలీలు. థైరాక్సిన్ 50 ఓడి, కాల్షియం ఓడి, మెట్‌ఫార్మిన్ 500 బిడి, పారాసిటమాల్ 650 ఎస్ఓఎస్. నేను పొద్దున లేవంగనే ఓడి అన్నవి రెండూ కలిపి ఇస్తున్న. కరెక్టేనా?

ఫార్మసిస్టు: రోజుకు ఒకసారి అన్న లెక్క తప్పలేదమ్మా. కానీ ఆ రెండింటినీ కలిపి ఇవ్వకూడదు. కాల్షియం పేగుల్లో థైరాక్సిన్‌ను పట్టేసుకుంటుంది, థైరాక్సిన్ ఒంటికి సరిగా అందదు. రోజూ గోలీ పడుతూనే ఉంటుంది, థైరాయిడ్ పరీక్షలో అంకె మాత్రం దిగదు. డాక్టరేమో డోసు చాలలేదనుకుని పెంచుతారు.

కాలర్: అయ్యో. మరి ఎట్ల ఇయ్యాలె?

ఫార్మసిస్టు: థైరాక్సిన్ లేవగానే, ఖాళీ కడుపున, మంచినీళ్ళతో. చాయ్, కాఫీ, టిఫిన్ ఏదైనా అరగంట నుంచి గంట తర్వాతే. కాల్షియానికి కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తే సరిపోతుంది. ఐరన్ గోలీ ఉన్నా ఇదే పద్ధతి. చూశారా, చీటీలో రెండింటి పక్కనా ఓడి అనే ఉంది, గడియారంలో మాత్రం వాటి చోట్లు వేరు.

కాలర్: మెట్‌ఫార్మిన్ బిడి అంటే పొద్దున, మధ్యాహ్నం ఇస్తున్న. రాత్రికి అత్తమ్మ జల్ది పండుకుంటది.

ఫార్మసిస్టు: ఆమె రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తారు?

కాలర్: ఏడు, ఏడున్నరకు తింటది మేడమ్.

ఫార్మసిస్టు: అయితే రెండో గోలీ అప్పుడే ఇవ్వండి, అన్నం మధ్యలోనో తిన్న వెంటనేనో. ఉత్త కడుపున వేస్తే వికారం, విరేచనాలు. చాలా మందులకు బిడి అంటే సుమారు 12 గంటల ఎడం. పొద్దున 8, రాత్రి 8 లాగా. అరగంట అటూ ఇటూ అయితే ఏమీ కాదు. మీరు 8కి, 1కి ఇస్తే మధ్యలో 5 గంటలే ఎడం, ఆ తర్వాత మళ్ళీ తెల్లారేదాకా 19 గంటల ఖాళీ. యాంటీబయాటిక్ గనక ఇలా వేస్తే ఇంకా నష్టం. ఆ ఖాళీలో ఒంట్లో మందు తగ్గిపోయి క్రిములకు సందు దొరుకుతుంది.

కాలర్: ఒక్కోసారి పొద్దుటి గోలీ మర్చిపోతది. రాత్రికి రెండూ ఇయ్యొచ్చునా?

ఫార్మసిస్టు: వద్దమ్మా. ఒంటిగంటకు గుర్తొచ్చిందనుకోండి, మధ్యాహ్నం అన్నంతో ఇచ్చేయండి, రాత్రిది మామూలుగా రాత్రికే. సాయంత్రం ఆరింటికి గుర్తొస్తే పొద్దుటిది వదిలేయండి. పోయిన గోలీని తర్వాతి దానితో జత చేసి మింగించకూడదు.

కాలర్: సరే మేడమ్. ఎస్ఓఎస్ గోలీ గూడ రోజుకు మూడుసార్లు ఇస్తున్న, అన్నిటితోపాటు.

ఫార్మసిస్టు: జ్వరం ఉందా?

కాలర్: నిన్నటి నుంచి లేదు.

ఫార్మసిస్టు: అయితే నిన్ననే ఆపేయాల్సింది. ఎస్ఓఎస్ గోలీకి టైమ్ అంటూ ఉండదు. జ్వరమో నొప్పో వస్తే వేయాలి, లేకపోతే డబ్బాలోనే ఉండనివ్వాలి. అయితే అవసరమైతే అన్నారు కదా అని అవసరమైనన్ని వేయడానికి లేదు. ప్రతి ఎస్ఓఎస్ మందుకూ ఒక ఎడం, ఒక హద్దు ఉంటాయి. చీటీలో అవి రాసినవాళ్ళు తక్కువ. అడగాల్సింది అదే: ఎన్ని గంటల తర్వాత మళ్ళీ వేయాలి, రోజు మొత్తం మీద ఎన్ని మించకూడదు అని.

వ్యాఖ్యాత: పారాసిటమాల్‌కి ఆ హద్దు ఎంతండీ?

ఫార్మసిస్టు: 650 గోలీకి ఆరు గంటల ఎడం పాటించమంటాం. పొద్దున 10కి వేశారు, ఒంటిగంటకు మళ్ళీ ఒళ్ళు కాలుతోంది. అప్పుడు గోలీ కాదు, తడిగుడ్డతో తుడవాలి, నీళ్ళు తాగించాలి, నాలుగింటిదాకా ఆగాలి. 24 గంటల్లో నాలుగు గోలీలంటే 2,600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు పైహద్దు 4,000 మిల్లీగ్రాములు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు, మద్యం అలవాటున్నవాళ్ళకు, బక్కపలచటి ముసలివాళ్ళకు ఇంకా తక్కువ, అది డాక్టరే చెప్పాలి. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ఇంట్లో జలుబు గోలీలు ఉంటాయి చూడండి, వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ 500 దాక్కుని ఉంటుంది. నాలుగు 650లకు తోడు రోజుకు మూడు జలుబు గోలీలు వేస్తే ఇంకో 1,500 కలిసి 4,100 అవుతుంది. వేసినవాళ్ళకు తెలియకుండానే హద్దు దాటిపోయారు. స్ట్రిప్ వెనక సన్న అక్షరాలు చదవాల్సింది దీనికే.

కాలర్: మంచిది మేడమ్. రాసి పెట్టుకుంట.

ఫార్మసిస్టు: ఎస్ఓఎస్ గోలీ వేసినప్పుడల్లా టైమ్ కూడా క్యాలెండర్ మీద రాయండమ్మా. లేకపోతే మీరు ఒకటి ఇస్తారు, మీ ఆయన ఇంకోటి ఇస్తారు.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్ తుని నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. మా నాన్నగారికి గుండె వీక్ అని, కాళ్ళ వాపులకని నీరు పోయే బిళ్ళ ఇచ్చారండి. ఫ్రూసమైడ్ అండి, పక్కన బిడి అని ఉంది. ఇందాక మీరు 12 గంటలన్నారు గదా, మేమూ అలాగే పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వేస్తున్నామండి. కానీ రాత్రంతా బాత్రూమ్‌కే తిరుగుతున్నారు, నిద్దర లేదు. మొన్న చీకట్లో తూలిపోయారు కూడా.

ఫార్మసిస్టు: మంచి ప్రశ్న అడిగారండీ. బిడి అంటే 12 గంటలు అన్నదానికి ఈ బిళ్ళ మినహాయింపు. నోటితో వేసుకున్నాక గంటలోపు పని మొదలుపెడుతుంది, సుమారు ఆరు గంటలు మూత్రం తెప్పిస్తూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి వేస్తే రెండింటిదాకా లేపుతుంది మరి. అందుకే దీన్ని మామూలుగా పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో ఒకటి ఇస్తారు. కొంతమంది డాక్టర్లు బిడి అని రాయకుండా 1-1-0 అని రాస్తారు. అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి లేదు.

కాలర్: మా చీటీలో అలా లేదండి, ఉత్త బిడీయే.

ఫార్మసిస్టు: చీటీ రాసిన డాక్టరుకు గానీ, ఆ ఆసుపత్రికి గానీ ఫోన్ చేసి "రెండో బిళ్ళ మధ్యాహ్నం రెండింటికి మార్చవచ్చా" అని ఒక్క మాట అడగండి. కిడ్నీ, బీపీ చూసి రాసిన మందు కాబట్టి వాళ్ళ నోట వినడం మేలు. తూలిపడ్డ సంగతి కూడా చెప్పండి. తలకు దెబ్బ తగిలిందా?

కాలర్: లేదండి, మోకాలు చెక్కుకుపోయింది అంతే.

ఫార్మసిస్టు: పడిపోవడానికి బీపీ తగ్గడం కూడా కారణం కావచ్చు. ఈరోజే చెప్పండి, రేపటిదాకా ఆగకండి.

వ్యాఖ్యాత: అంటే ఒకే బిడి, మెట్‌ఫార్మిన్‌కి భోజనంతో ముడి, ఫ్రూసమైడ్‌కి నిద్రతో ముడి.

ఫార్మసిస్టు: అవును. నన్నడిగితే 1-0-1, 1-1-0 లాంటి అంకెలే నయం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు ఉంటాయి, బడికి వెళ్ళని వాళ్ళకైనా ఒకసారి చెబితే పట్టుబడతాయి.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది, చదువుతాను. "అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. చుక్కల మందు పక్కన క్యూఐడి, ఆ పక్కనే ఓడి అని ఉంది. షాపులో అబ్బాయి రోజుకు ఒకసారి అన్నాడు. క్యూఐడి అంటే నాలుగుసార్లు కదా?"

ఫార్మసిస్టు: ఆ అబ్బాయి పొరబడ్డాడు. కంటి చీటీలో ఓడి అంటే కుడి కన్ను. ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండూ. క్యూఐడి ఓడి అంటే కుడి కంట్లో రోజుకు నాలుగుసార్లు. ఒకే మందు పక్కన నాలుగుసార్లు, ఒకసారి అని రెండు లెక్కలు ఉండవు గదా. అలా పక్కపక్కనే కనిపించాయంటే రెండోది కన్నును చెబుతోందని గుర్తు. మన దగ్గర చాలామంది కంటి డాక్టర్లు కుడికి ఆర్ఈ, ఎడమకు ఎల్ఈ అని రాస్తారు, అందులో ఈ గొడవ లేదు. ఆపరేషన్ తర్వాత చుక్కలు తక్కువ పడితే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ అయింది కుడి కంటికేనా చూసుకుని, ఆసుపత్రికి ఫోన్ చేసి ఖాయం చేసుకోమనండి.

వ్యాఖ్యాత: ఇంకొకరు డాలస్ నుంచి రాశారు. అక్కడి చీటీలో పీఆర్ఎన్ అని ఉందట.

ఫార్మసిస్టు: మన ఎస్ఓఎస్సే అది. అమెరికాలో పీఆర్ఎన్ అంటారు. అక్కడ రోజుకొకసారికి క్యూడి అని రాసేవాళ్ళు. చేతిరాతలో దాన్ని క్యూఐడి అని చదివి నాలుగుసార్లు ఇచ్చేసే ప్రమాదం ఉందని, 2004లో జాయింట్ కమిషన్ అనే సంస్థ ఆసుపత్రుల్లో క్యూడి వాడొద్దంది, "రోజూ" అని మాటలో రాయమంది. అమ్మానాన్నలు అక్కడికి వెళ్ళేటప్పుడు ఇక్కడి చీటీతోపాటు ప్రతి మందు పేరు, మిల్లీగ్రాములు, ఎన్నింటికో ఒక కాగితం మీద మాటల్లో రాయించి పంపండి.

వ్యాఖ్యాత: కోదాడ నుంచి ఇందాకటి అమ్మాయి మళ్ళీ లైన్‌లోకి వచ్చారు.

కాలర్: మేడమ్, ఒక్కటి అడగడం మర్చిపోయిన. కాల్షియం మీద చిన్నగ పీసీ అని గూడ ఉంది.

ఫార్మసిస్టు: తిన్నాక అని అర్థమమ్మా. ఏసీ అని ఉంటే తినకముందు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇవ్వమన్నాను కదా, ఆ టైమే సరిపోయింది.