అన్నీ టాలీ అయ్యాయి, కానీ బిల్లు రెండుసార్లు కట్టేశారు: నెలాఖరు క్లోజింగ్‌లో బయటపడ్డ ఒక డూప్లికేట్ పేమెంట్

[స్క్రీన్ మీద: ట్రయల్ బ్యాలెన్స్, కింద డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా]

ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయింది. బ్యాంక్ రికన్సిలియేషన్‌లో ఒక్క ఐటమ్ కూడా పెండింగ్ లేదు. వెండర్ లెడ్జర్ తెరిస్తే బ్యాలెన్స్ సున్నా. ఇన్ని సరిగ్గా ఉన్నా సరే, ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోయి ఉండొచ్చు. ఎలాగో ఈ కథలో చూద్దాం.

ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఒక అకౌంటెంట్ అమ్మాయి. నెలాఖరు క్లోజింగ్‌లో ఆమెకు ఇచ్చిన పని ఖర్చుల రివ్యూ. ప్రతి ఖర్చు ఖాతానీ పోయిన నెలలతో పోల్చి, తేడా ఎక్కువగా ఉన్నచోట కారణం ఒక లైను రాయాలి. మామూలుగా నెలకు 20,000 దాటని రిపేర్ల ఖాతా ఆ నెలలో 1,17,400 చూపిస్తోంది. "జనరేటర్ ఓవర్‌హాల్ చేయించాం కదా, అందుకే" అన్నారు పక్క సీటాయన. నిజమే, చేయించారు. ఆ కారణం రాసేసి తర్వాతి ఖాతాకు వెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు కూడా. కానీ ఆమె ఓవర్‌హాల్‌కు ఎంతైందని అడిగింది. 48,600 అన్నారు. మామూలు ఖర్చు ఓ 20,000, దానికి 48,600 కలిపితే 70,000 లోపే ఆగాలి. మిగతాది ఎక్కడిది?

[స్క్రీన్ మీద: రిపేర్ల లెడ్జర్‌లో రెండు లైన్లు. 6వ తేదీ, AE/0731, 48,600. 23వ తేదీ, 731, 48,600]

లెడ్జర్ తెరిచింది. రెండు లైన్లు. ఒకటే వెండర్, ఒకటే మొత్తం. రెండింటికీ పేమెంట్ వెళ్లిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు విషయం ఇదే. రెండో బిల్లు ఎంటర్ చేసినప్పుడు ఖర్చు డెబిట్ అయింది, వెండర్ క్రెడిట్ అయ్యాడు. డబ్బు పంపినప్పుడు వెండర్ డెబిట్, బ్యాంక్ క్రెడిట్. అంటే వెండర్ ఖాతా మళ్లీ సున్నాకి వచ్చేసింది. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లోనూ రెండు పేమెంట్లు నిజంగానే ఉన్నాయి, కాబట్టి రికన్సిలియేషన్‌లో రెండూ మ్యాచ్ అయ్యాయి. డబుల్ ఎంట్రీ చూసేది డెబిట్, క్రెడిట్ సమానమా కాదా అన్నదే, ఆ బిల్లు వెనక పని జరిగిందా లేదా అన్నది దానికి తెలియదు. తప్పంతా పోయి ఖర్చు ఖాతాలో కూర్చుంటుంది, అక్కడ వెతికితేనే దొరుకుతుంది.

అయితే మొత్తం ఒకటే అయినంత మాత్రాన డూప్లికేట్ అని తేల్చేయకూడదు. రెండు సమాన వాయిదాల్లో ఇచ్చి ఉండొచ్చు. అందుకే ఆమె రెండు ఎంట్రీలకు అటాచ్ చేసిన బిల్లులు తీసి పక్కపక్కన పెట్టింది. మొదటిది ఈమెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్. రెండోది కాగితం బిల్లు స్కాన్, దాని మీద జనరేటర్ చూసుకునే ఇంజనీర్ సంతకం. బిల్లు తేదీ ఒకటే, పని వివరం ఒకటే, నంబరు కూడా రెండింటి మీదా AE/0731. వెండర్ ఒక కాపీ మెయిల్ చేశాడు, ఇంకో కాపీ పని అయ్యాక ఇంజనీర్ చేతికిచ్చాడు, అది ఆలస్యంగా అకౌంట్స్‌కి చేరింది. దాన్ని ఎంటర్ చేసినవాళ్లు ముందున్న అక్షరాలు, సున్నా వదిలేసి 731 అని కొట్టారు.

మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టుకోలేదు? వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్ చెక్ ఉంది, కానీ అది వెండర్ కోడ్, బిల్లు నంబరు అక్షరం అక్షరం కలిస్తేనే ఆపుతుంది. దాని లెక్కలో AE/0731 వేరు, 731 వేరు. పర్చేజ్ ఆర్డర్ ఉండి ఉంటే రెండో బిల్లు అక్కడ ఆగిపోయేది, ఆర్డర్‌లోని పని మొత్తానికి అప్పటికే బిల్లు పడిపోయింది కాబట్టి. ఇది అర్జెంటు రిపేరు, ఆర్డర్ లేకుండా నేరుగా ఖర్చులో వేశారు. నా అభిప్రాయంలో డూప్లికేట్లు వెతకాలంటే ముందు చూడాల్సింది ఇలా ఆర్డర్ లేని బిల్లులనే.

వెండర్‌కి ఫోన్ చేసే ముందు ఆమె ఇంకొకటి చూసింది: రెండు పేమెంట్లు వెళ్లింది ఒకే బ్యాంక్ ఖాతాకా? ఇది దాటేయొద్దు. రెండోది వేరే ఖాతాకి వెళ్లి ఉంటే అది పొరపాటు కాకపోవచ్చు, మోసం కావచ్చు. అప్పుడు బిల్లు ఎంటర్ చేసినవాళ్లనీ వెండర్‌నీ అడక్కుండా నేరుగా పై అధికారికి చెప్పాలి. ఇక్కడ ఖాతా ఒకటే.

ఆ తర్వాత వెండర్‌ని "మీకు రెండుసార్లు వచ్చిందా" అని కాకుండా, స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ పంపమని మాత్రమే అడిగింది. వచ్చిన స్టేట్‌మెంట్‌లో బిల్లు ఒకటే ఉంది, రసీదులు రెండు. చివర్లో మన పేరు మీద 48,600 అడ్వాన్సుగా నిలిచి ఉంది. ఇక అనుమానం లేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్లింది. "సార్, ఈ బిల్లు రెండుసార్లు పోయింది. రెండో పేమెంట్ ఎంట్రీ డిలీట్ చేసేయమంటారా?"

"పేమెంట్ జోలికి వెళ్లకమ్మా. డబ్బు నిజంగానే పోయింది కదా, అది డిలీట్ చేస్తే బ్యాంక్ కలవదు. లేనిది బిల్లు. దాన్ని రివర్స్ చెయ్యి."

[స్క్రీన్ మీద: వెండర్ ఖాతా డెబిట్ 48,600, రిపేర్ల ఖర్చు క్రెడిట్ 48,600]

ఈ ఎంట్రీతో ఖర్చు 68,800కి దిగింది, వెండర్ లెడ్జర్‌లో 48,600 డెబిట్ బ్యాలెన్స్ వచ్చింది. అంటే వెండరే మనకు బాకీ. దీన్ని మిగతా వెండర్ల బాకీల మొత్తంలో కలిపి వదిలేస్తే మనం ఇవ్వాల్సింది తక్కువగా కనిపిస్తుంది. అందుకే నెలాఖరు రిపోర్టులో దాన్ని విడిగా తీసి రావాల్సిన మొత్తాల కింద ఆస్తుల్లో చూపించారు. ఒకవేళ ఇది ముందు నెలలో జరిగి, ఆ నెల క్లోజ్ అయిపోయి ఉంటే, అదే ఆర్థిక సంవత్సరమైతే రివర్సల్ ఈ నెలలో వేస్తే సరిపోతుంది, నోట్‌లో కారణం స్పష్టంగా రాయాలి.

ఆ రోజే ఆమె ఆ నెల బిల్లులన్నీ ఒక షీట్‌లోకి తీసింది. బీ కాలమ్‌లో వెండర్ కోడ్, ఈ కాలమ్‌లో మొత్తం. బిల్లు నంబరు కావాలనే పక్కన పెట్టింది, మోసపోయింది దాని దగ్గరే కదా.

```
=COUNTIFS(B:B,B2,E:E,E2)
```

2 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిన ప్రతి లైనుకూ బిల్లు తీసి చూడాలి. ఒకే మొత్తానికి వరుసగా వచ్చే బిల్లులు కూడా ఇందులో పడతాయి, వాటిని చూసి వదిలేయొచ్చు. ఒకే వెండర్‌కి రెండు కోడ్‌లు ఉంటే మాత్రం ఈ ఫార్ములాకి దొరకదు, అప్పుడు వెండర్ కోడ్ బదులు బ్యాంక్ ఖాతాతో పోల్చాలి. అలాగే ఒక్క నెల డేటాతో సరిపెట్టుకోకండి, రెండో కాపీ తర్వాతి నెలలో వస్తే ఈ షీట్‌లో అసలు కనిపించదు.

డబ్బు వెనక్కి రావడానికి రెండు దారులు. ఆ వెండర్‌తో త్వరలో ఇంకో బిల్లు ఉంటే అందులో సర్దుకోవచ్చు. అప్పుడు కొత్త బిల్లును పూర్తి మొత్తానికే ఎంటర్ చేసి, పేమెంట్‌లో మాత్రం 48,600 తగ్గించాలి, బిల్లునే తగ్గించి ఎంటర్ చేస్తే ఖర్చు తప్పుతుంది. వీళ్లకు ఆ వెండర్‌తో దగ్గర్లో పనేమీ లేదు, అందుకని మెయిల్‌లో రాతపూర్వకంగా రీఫండ్ అడిగారు. తర్వాతి నెల డబ్బు బ్యాంకులో పడింది. బ్యాంక్ ఎంట్రీలు వేసే అబ్బాయి దాన్ని ఇతర ఆదాయంలో వేయబోతుంటే ఆమె ఆపి, వెండర్ ఖాతాకే క్రెడిట్ చేయించింది. అప్పుడు ఆ లెడ్జర్ మళ్లీ సున్నా అయింది.