ఈ చీర ఫొటో అసలు ఎవరిది?

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట వంటలు తొందరగా కానిచ్చుకుని ఇంతమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతా. బెంగళూరులో మన మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో శ్రావణమాసం దగ్గర పడితే చాలు చీరల పోస్టులు మొదలవుతాయి కదా, "మగ్గం నుంచి డైరెక్ట్‌గా మీ ఇంటికి, మధ్యలో దళారులు లేరు" అని. వాటిలో నిజంగా నేసి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు, ఎవరివో ఫొటోలు ఎత్తుకొచ్చి పెట్టి అడ్వాన్స్ పడగానే బ్లాక్ చేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరినీ విడదీయడానికి ఫొటోతో వెతకడం ఎలాగో ఒక్క కేసు పట్టుకుని చూద్దాం.

మన అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క తెచ్చి చూపించిన కేసు ఇది. గద్వాల చీర, ఆవపిండి రంగు ఒళ్ళు, మెరూన్ పట్టు అంచు, 4,200 రూపాయలు, సగం ముందే పంపాలి. అమ్మే ఆవిడ డీపీలో మగ్గం ముందు కూర్చున్న ఒక పెద్దావిడ ఉంది. "మా అత్తగారండీ, ఇంట్లో మగ్గమే, ఫొటో కూడా నేనే తీశా" అని మెసేజ్. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, మనం పరీక్ష పెట్టేది దానికే.

అక్క ముందే ఒకసారి వెతికారట, ఏమీ దొరకలేదన్నారు. ఏం చేశారంటే చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌కి ఇచ్చారు. అందులో పైన టైము, బ్యాటరీ, కింద రేటు, ఆ పోస్టుకి పెట్టిన పూల ఫ్రేము, అన్నీ ఉన్నాయి. లెన్స్ అవన్నీ కలిపి చూసుకుని ఎక్కడెక్కడివో చీరల పోస్టర్లు చూపించింది. అందుకని ఫొటోని డౌన్‌లోడ్ చేసుకుని గ్యాలరీలో క్రాప్ చేయాలి, ఫ్రేమూ రేటూ పోయి చీర మాత్రమే మిగలాలి. తర్వాత గూగుల్ యాప్‌లో కెమెరా గుర్తు నొక్కి ఆ ఫొటో ఎంచుకోండి. ఫలితాలు రాగానే మురిసిపోకండి, ముందు వచ్చేవి "ఇలాంటివి" మాత్రమే, అంటే ఆవపిండి రంగు చీరలు వంద వస్తాయి, వాటితో మనకి పని లేదు. పక్కకి జరుపుకుంటూ వెళ్తే Exact matches అని ఉంటుంది, మనకి కావలసింది అదే, అక్కడ వచ్చేది ఇదే ఫొటో ఇంకెక్కడ ఉందో.

అక్క ఫొటోకి అక్కడ రెండు పేజీలు వచ్చాయి. ఒకటి ఇంకో రీసెల్లర్ పేజీ, రెండోది ఒక చీరల షాపు వెబ్‌సైటు. ఆ షాపు ఫొటో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. షాపు ఫొటోలో చీర కింద చెక్క బల్ల మొత్తం కనిపిస్తోంది, ఎడమ మూల షాపు లోగో ఉంది. మన గ్రూపులో వచ్చినదాంట్లో బల్ల సగంలో తెగిపోయింది, లోగో ఉన్న మూల అసలు లేనే లేదు. పల్లూ మీద పడిన చిన్న మడత మాత్రం రెండింట్లోనూ అదే చోట ఉంది. ఇదండీ చూడాల్సింది. పెద్ద ఫొటోని కత్తిరించి చిన్నది చేయడం ఎవరైనా చేస్తారు, లేని బల్లని తెచ్చి అతికించడం అంత తేలిక కాదు (ఇప్పుడు దానికీ టూల్స్ వచ్చాయి, కానీ చీర దొంగలకి అంత ఓపిక ఉండదు). అంచుల్లో ఎక్కువ కనిపించే ఫొటో, సైజు పెద్దదిగా ఉన్న ఫొటో అసలుకి దగ్గరది.

ఇంకో గట్టి సాక్ష్యం కావాలంటే tineye.com ఉంది, కెనడా వాళ్ళది, 2008 నుంచి నడుస్తోంది. అది "ఇలాంటివి" జోలికి పోదు, అదే ఫొటో కాపీలే వెతుకుతుంది. ఫలితాలని Oldest అని సార్ట్ చేస్తే పాతది పైకి వస్తుంది. కాకపోతే అక్కడ వేసే తేదీ వాళ్ళకి ఆ ఫొటో మొదటిసారి కనిపించిన రోజు, తీసిన రోజు కాదు, ఫొటో అంతకు ముందు నుంచే ఉండొచ్చు. కానీ పోయినేడు ఆ షాపు పేజీలో దొరికిన ఫొటోని "నిన్న మా ఇంట్లో తీశా" అంటే మాత్రం అబద్ధమే కదా.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఫొటో వేరేచోట దొరికినంత మాత్రాన మనిషి దొంగ అని కాదు. ఇంట్లో ఉండి రీసెల్లింగ్ చేసుకునే అక్కలు ఎంతోమంది, హోల్‌సేలర్ పంపిన క్యాటలాగ్ ఫొటోనే ఫార్వర్డ్ చేస్తారు, అదే ఫొటో వందమంది దగ్గర ఉంటుంది, అందులో తప్పేం లేదు, "క్యాటలాగ్ ఫొటో అండీ" అని చెప్తారు కూడా. తప్పు ఎక్కడంటే "నేనే తీశా, మా మగ్గం" అన్న దగ్గర. కాబట్టి గ్రూపులో పేరు పెట్టి దొంగ అనేసే ముందు వాళ్ళు ఏం చెప్పారో ఒకసారి పైకి వెళ్ళి చదవండి.

డీపీ సంగతికి వద్దాం. వాట్సాప్ డీపీని స్క్రీన్‌షాట్ తీయబోతే చాలా ఫోన్లలో ఆపేస్తుంది, అందుకని ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, స్క్రీన్ మెరుపు పడకుండా, వంకర లేకుండా. ముఖం ఒక్కటే క్రాప్ చేస్తే ఆ పోలికలున్న ఎవరెవరో వస్తారు, పాపం సంబంధం లేని మనిషిని అనుమానించే ప్రమాదం ఉంది. మగ్గం, వెనక గోడ, కిటికీ అన్నీ ఉంచి వెతకాలి. అలా చేస్తే ఆ పెద్దావిడ ఫొటో ఒక ట్రావెల్ వ్యాసంలో దొరికింది, కింద రాసిన ఊరు తమిళనాడులో ఉంది. గద్వాలలోని అత్తగారు కాదన్నమాట.

దొరక్కపోతే? అప్పుడు తిప్పి చూడండి. దొంగిలించేవాళ్ళు ఫొటోని అద్దంలో చూపినట్టు తిప్పేస్తారు, అలా తిప్పితే వెతికినా చాలాసార్లు తప్పించుకుంటుంది. మోడల్ కట్టుకున్న చీర అయితే కనిపెట్టడం తేలిక, మనం పల్లూ వేసుకునేది ఎడమ భుజం మీద, ఫొటోలో కుడి భుజం మీద ఉందంటే తిప్పారేమో అని అనుమానించాలి. గుజరాతీ కట్టులో కుడి భుజం మీద నుంచి ముందుకే వస్తుంది, అది వేరు. గ్యాలరీ ఎడిట్‌లో అడ్డంగా తిప్పి మళ్ళీ వెతకండి.

అలా తిప్పినా దొరక్కపోతే ఫొటో వాళ్ళదే అని మాత్రం అనుకోవద్దు. ప్రైవేట్ ఇన్‌స్టా అకౌంట్లు, వాట్సాప్ గ్రూపులు, స్టేటస్‌లు ఈ వెతుకుడుకి అందవు. అక్కడి నుంచి ఎత్తుకొచ్చిన ఫొటో ఎంత వెతికినా రాదు. కంప్యూటర్‌తో పుట్టించిన ముఖానికైతే అసలు ఫొటో అనేదే ఉండదు. అప్పుడు అమ్మేవాళ్ళనే అడగాలి. అదే చీర అంచుని తిరగేసి, ఒంటికీ అంచుకీ కలిసిన చోట దగ్గరగా వీడియో తీసి, పక్కన కాగితం మీద మీ పేరు రాసి పెట్టమనండి. గద్వాలలో ఒళ్ళు కాటన్, అంచు పట్టు ఉండే రకం కదా, ఆ కలిపిన చోటే చీర పనితనం తెలిసేది, చీర చేతిలో ఉన్నవాళ్ళకి అది నిమిషం పని. మన అక్క అడిగితే ఆవిడ "స్టాక్ ప్యాకింగ్‌లో ఉందండీ" అని మళ్ళీ పాత ఫొటోనే పంపింది. అక్క డబ్బులు పంపలేదు, ఆ షాపు నంబరు వెతికి వాళ్ళకి స్క్రీన్‌షాట్లు పంపారు.

ఎవరైనా ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో కంప్లయింట్ ఇవ్వండి, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబరు, చాట్, మీరు వెతికి పట్టుకున్న పేజీల స్క్రీన్‌షాట్లు లింకులతో సహా దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే వాళ్ళు పేజీ తీసేస్తే మళ్ళీ దొరకవు.

సరే, ఇప్పుడు ఫోన్లు తీయండి. మీ గ్రూపులో ఈ వారం వచ్చిన ఏదో ఒక చీర ఫొటో తీసుకుని క్రాప్ చేయండి, నేను ఒక్కొక్కరి దగ్గరికి వస్తా.