మోటారు ఆగగానే బోర్డు ఎందుకు రీసెట్ అయింది

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ బోర్డు మా అపార్ట్‌మెంట్ సంపు మోటారు కోసం చేసింది. ఏటీమెగా328పి, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక రిలే, అంతే. పార్టులన్నీ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. టేబుల్ మీద వారం రోజులు చక్కగా నడిచింది. మోటారు కాంటాక్టర్‌కి కలిపాక మాత్రం, రిలే ఆఫ్ అయిన నాలుగైదు సార్లలో ఒకసారి ప్రోగ్రామ్ మళ్లీ మొదటికొచ్చేది.

పవర్ సప్లై మీద అనుమానంతో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను, తేడా రాలేదు. అప్పుడు చిప్‌నే అడిగాను. ఎందుకు రీసెట్ అయిందో అది రాసి పెట్టుకుంటుంది:

```
uint8_t r = MCUSR;
MCUSR = 0;
```

బూట్‌లోడర్ ఉంటే దీన్ని ముందే చెరిపేసే అవకాశం ఉంది, అందుకే ప్రోగ్రామర్‌తో నేరుగా ఎక్కించాను. బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ ఆన్‌లో ఉంటే, సప్లై పడిపోయినప్పుడు `BORF` రావాలి, అది రాలేదు. ఒకసారి `EXTRF`, అంటే రీసెట్ పిన్. ఇంకోసారి `WDRF`, అంటే ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుపోయి వాచ్‌డాగ్ లేపింది.

ఇప్పుడు బోర్డు తిప్పి చూడండి. క్రిస్టల్ పిన్నులకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంది, దాని రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్ల గ్రౌండు రిలే ట్రాన్సిస్టర్ గ్రౌండు ట్రాక్‌లోనే కలిసింది. కాగితం మీద రెండూ గ్రౌండే, కానీ 5 సెంటీమీటర్ల సన్న ట్రాక్‌కి సుమారు 50 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగినప్పుడు వచ్చే స్పార్క్ వల్ల అందులో 10 నానోసెకన్లలో అర ఆంపియర్ మారిందనుకోండి, రెండు చివర్ల మధ్య 2.5 వోల్టుల తేడా వస్తుంది. క్రిస్టల్ పిన్ దగ్గర కరెంటు చాలా తక్కువ, ఆ దెబ్బకి క్లాక్‌లో ఒక దొంగ పల్స్ పుడితే చిప్ ఇన్‌స్ట్రక్షన్‌ని తప్పుగా చదువుతుంది.

పరీక్ష కోసం బ్లేడుతో ఆ ట్రాక్ కోసేసి, రెండు కెపాసిటర్ల కాళ్లను చిన్న వైరుతో నేరుగా 8వ పిన్‌కి టంకం పెట్టాను. `WDRF` రావడం ఆగిపోయింది! డిప్ చిప్‌లో 8 గ్రౌండు, 9, 10 క్రిస్టల్ పిన్నులు, మూడూ పక్కపక్కనే ఉంటాయి. కొత్త బోర్డులో క్రిస్టల్‌ని వాటికి 5 మిల్లీమీటర్లలో పెట్టి, కింద చిన్న గ్రౌండు రాగి పోసి దాన్ని 8వ పిన్ దగ్గర ఒక్కచోటే కలిపాను, దాని కింద నుంచి ఇంకే ట్రాక్ పోనివ్వలేదు. 7, 8 పిన్నుల మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ ఆనించి పెట్టాను. రిలే కరెంటు వేరే దారిలో సప్లై కెపాసిటర్ దాకా వెళ్లి అక్కడే గ్రౌండులో కలుస్తుంది.

మిగిలిన `EXTRF` తప్పు వేరు. రీసెట్ ట్రాక్ రిలే పక్కనుంచే పొడుగ్గా పోయింది. దాన్ని కురచ చేసి, పిన్ దగ్గరే 10 కిలోఓమ్ పుల్‌అప్, గ్రౌండుకి 100 నానోఫారడ్ పెడితే పోయింది. కానీ యూఎస్‌బీ నుంచి ఆటో రీసెట్ వాడేవాళ్లు అంత పెద్దది పెట్టొద్దు, అప్‌లోడ్ అవ్వదు. 1 నానోఫారడ్‌తో మొదలుపెట్టండి.