పది లక్షల్లో ఇరవై వేలు

అందరికీ నమస్కారం.

మీ దగ్గర దాచుకున్న డబ్బు పది లక్షలు ఉందనుకుందాం. కొంత పీఎఫ్, కొంత ఎఫ్‌డీ, కొంత మ్యూచువల్ ఫండ్. ఇందులో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోకు ఏమైనా చోటు ఉందా అన్నది ఈరోజు మన ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను. సున్నా పెట్టినా మీకు పోయేదేమీ లేదు. పెట్టాలని గట్టిగా ఉంటే రెండు శాతం, అంటే ఇరవై వేలు. అంతకు మించి వద్దు.

ఈ రెండు శాతం లెక్క ఎక్కడిది? పెట్టిన డబ్బంతా పోతే ఏమవుతుందో చూసి పెట్టుకున్న లెక్క ఇది. ఇరవై వేలూ పోయాయనుకోండి. మిగిలిన తొమ్మిది లక్షల ఎనభై వేల మీద ఏడు శాతం వడ్డీ వస్తుంటే, నాలుగు నెలలు తిరక్కుండానే ఆ గుంట పూడిపోతుంది. అదే రెండు లక్షలు పెట్టి పోగొట్టుకుంటే, మిగిలిన ఎనిమిది లక్షలు అదే వడ్డీతో మళ్లీ పది కావడానికి మూడేళ్లు దాటుతుంది. నాలుగు నెలలు ఓర్చుకోగలం. మూడేళ్లంటే అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు ఆ మధ్యలో వచ్చి పడుతుంది.

అంతా పోతుందని ఎందుకు అనుకోవాలి అని మీరు అడగొచ్చు. మన గుంటూరులో మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ స్పెక్యులేషనే. కానీ రేటు ఎంత పడినా ఆ మిర్చిని ఎవరో ఒకరు కారం పట్టించుకుంటారు కాబట్టి దానికి ఒక అడుగు ధర ఉంటుంది. ఎఫ్‌డీకి వడ్డీ ఉంది, షేరు వెనక కంపెనీ లాభం ఉంది. బిట్‌కాయిన్‌కు వడ్డీ లేదు, లాభం లేదు. రేపు ఇంకొకరు ఎంతకు కొంటారో అదే దాని ధర. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్, సరిగ్గా ఏడాదికి 16 వేల కిందకు దిగింది. అది తర్వాత కోలుకుని లక్ష డాలర్లు దాటింది. లూనా అనే కాయిన్ కోలుకోలేదు. 2022 మే మొదట్లో 80 డాలర్ల దగ్గర ఉన్నది, వారం పది రోజుల్లో ఒక సెంటులో చిన్న ముక్క కూడా విలువ చేయకుండా పోయింది. పడుతున్న రోజున ఈ రెండింటిలో ఏది లేస్తుందో, ఏది లేవదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో నా అనుభవంతో చెబుతాను. 2021 చివర్లో నేనూ రెండు శాతం అనుకునే మొదలుపెట్టాను. ముప్పై వేలు పెట్టాను. ధర సగమైంది. నా వాటా ఒక శాతానికి పడిపోయింది కదా, రెండు శాతం చేద్దామని పదిహేను వేలు వేశాను. మళ్లీ పడింది, మళ్లీ వేశాను. ప్రతిసారీ నా లెక్క ప్రకారం నేను రెండు శాతం దాటలేదు. ఒక రాత్రి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పెన్నుతో ఒక్కో ట్రాన్స్‌ఫర్ కింద గీత గీసుకుంటూ కూడితే తొంభై రెండు వేలు వచ్చింది. అప్పటికి యాప్‌లో కనిపిస్తున్నది ఇరవై ఎనిమిది వేలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే రెండు శాతాన్ని శాతంగా గుర్తుపెట్టుకోకండి. రూపాయల్లో రాసుకోండి, అదీ ఇప్పటిదాకా లోపలికి వెళ్లిన మొత్తంగా రాసుకోండి. "మొత్తం ఇరవై వేలు, అయిపోతే అయిపోయినట్టే." షేర్లు, ఎఫ్‌డీల మధ్య ఏడాదికోసారి వాటాలు సరిచేసుకోవడం మంచి అలవాటే. ఇక్కడ మాత్రం ఆ అలవాటు ఒకవైపే పనిచేయాలి. క్రిప్టో నుంచి డబ్బు బయటకు రావచ్చు, మిగతావాటి నుంచి అందులోకి వెళ్లకూడదు. సున్నాకు పోయే కాయిన్‌ను నాలుగుసార్లు నింపితే మీ నష్టం రెండు శాతం కాదు, పది శాతం దగ్గర తేలుతుంది.

పెరిగితే? ఇరవై వేలు అయిదు రెట్లయి లక్ష అయిందనుకుందాం. ఇప్పుడది మీ మొత్తంలో తొమ్మిది శాతం దాటింది, అంటే మీకు తెలియకుండానే రిస్కు పెరిగింది. వాటా అయిదు శాతం తాకగానే కొంత అమ్మి రెండుకు తెచ్చుకోవాలని కొనే రోజే తేదీ వేసి రాసుకోండి. పెరుగుతున్నప్పుడు అమ్మబుద్ధి కాదు. ఆ రోజు మీతో మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే.

ఇక పన్ను. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. రేటు కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. ఉదాహరణకు మీ ఇరవై వేలను రెండు కాయిన్లలో పది పది వేలు పెట్టారు. ఒకటి పద్దెనిమిది వేలైంది, ఇంకొకటి రెండు వేలకు పడింది. రెండూ అమ్మితే చేతికి ఇరవై వేలే, లాభం లేదు. కానీ మొదటి కాయిన్ మీద ఎనిమిది వేల లాభానికి 2,496 రూపాయల పన్ను కట్టాలి. ఏమీ సంపాదించకుండా పన్ను కట్టినట్టు. షేర్లలో పది కంపెనీల్లో పెట్టమని చెప్పే నేనే, ఇక్కడ పది కాయిన్లు వద్దని చెప్పడానికి కారణం ఇదే.

కొని అమ్ముతూ తిరిగినా ఇలాంటి బాధే. 2022 జూలై నుంచి ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు. చిన్న మొత్తాలకు మినహాయింపు ఉంది. ఏడాదిలో అమ్మకాలు 10 వేలు దాటితే మాత్రం చాలామందికి కోత తప్పదు. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అది అమ్మకమే. ఇరవైసార్లు తిప్పితే మీ డబ్బులో దాదాపు 18 శాతం రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతుంది.

ధర పడకపోయినా డబ్బు చిక్కుకునే దారి ఇంకోటి ఉంది. 2024 జూలైలో, క్రిప్టో కొని అమ్మే వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ మీద హ్యాకర్లు దాడి చేసి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో పట్టుకెళ్లారు. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ కాయిన్లు బయటకు తీసుకోలేకపోయారు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంటుంది, ఎక్స్ఛేంజ్‌కు అది లేదు. కనీసం ఆర్థిక శాఖ కింద ఉన్న ఎఫ్ఐయూలో రిజిస్టరైన ఎక్స్ఛేంజ్‌నే వాడండి. అప్పు తీసుకుని గానీ, ఫ్యూచర్స్‌లో గానీ పెట్టకండి. ఫ్యూచర్స్‌లో పది రెట్ల లివరేజ్ తీసుకుని, అంటే మీ డబ్బుకు పది రెట్ల విలువ మీద ధర పెరుగుతుందని పందెం కాస్తే, ధర పది శాతం పడేసరికే మీ ఇరవై వేలూ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత అది లేచినా మీకు రాదు.

వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపి కొనిపించే యాప్‌ల గురించి ఒక్క గుర్తు చెబుతాను. డబ్బు తీసుకోబోతే "ముందు ట్యాక్స్ కట్టండి, తర్వాత విత్‌డ్రా" అంటారు. అసలైన ఎక్స్ఛేంజ్ టీడీఎస్‌ను మీ అమ్మకం డబ్బులోంచి కోసుకుంటుంది తప్ప విడిగా పంపమని అడగదు. ఆ మాట విన్న క్షణమే ఆగి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంకో రూపాయి పంపకండి.

చివరగా ఇంటి సంగతి. ఖాతా ఏ ఎక్స్ఛేంజ్‌లో ఉంది, మొత్తం ఎంత పెట్టారు, ఎప్పుడు అమ్మాలనుకున్నారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఎఫ్‌డీ బాండ్లు ఉన్న ఫైల్లో పెట్టి, ఇంట్లోవాళ్లకు చూపించండి. నా కాగితం మీద 92,000 అని రాసి ఉంది. దాని కింద గీత గీసి మా ఆవిడ తేదీ వేసింది. ఆ తేదీ తర్వాత ఆ ఖాతాలోకి ఒక్క రూపాయి వెళ్లలేదు.