‘ఓన్లీ’ ఎవరి పక్కన నిలబడింది?
(విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లే. ఇంగ్లీషు వాక్యంలో యాడ్‌వెర్బ్ ఎక్కడ పెట్టాలో తెలియక తడబడతామని మీ లెక్చరర్లతో చెప్పారట. దీని గురించే మాట్లాడమన్నారు. యాడ్‌వెర్బులన్నీ చెప్పను. ‘ఓన్లీ’ గురించి ఎక్కువ, ‘ఆల్వేస్’ లాంటి మాటల గురించి కొంచెం చెబుతాను.

మన దగ్గర యాడ్‌వెర్బ్‌కి స్వేచ్ఛ ఎక్కువ. ‘బేగి ఇంటికి రా’ అన్నా, ‘ఇంటికి బేగి రా’ అన్నా, ‘ఇంటికి రా, బేగి’ అన్నా అమ్మ పిలుస్తున్నది ఒకే పనికి. మాట జరిగినా అర్థం జరగదు. ఇంగ్లీషులో ‘ఓన్లీ’ విషయంలో ఈ ధీమా పనికిరాదు.

ఒక వాక్యం తీసుకుందాం. ‘అప్పన్న గేవ్ కాషూస్ టు సరోజ ఆన్ సండే.’ అప్పన్న ఆదివారం సరోజకి జీడిపప్పు ఇచ్చాడు. పలాస జీడిపప్పే అనుకోండి. ఇందులోకి ‘ఓన్లీ’ని తెచ్చి ఒక్కో చోట నిలబెడదాం. ‘ఓన్లీ అప్పన్న గేవ్’ అంటే అప్పన్న ఒక్కడే ఇచ్చాడు, ఇంకెవరూ ఇవ్వలేదు. ‘గేవ్ ఓన్లీ కాషూస్’ అంటే జీడిపప్పే ఇచ్చాడు, బెల్లం గానీ ఇంకోటి గానీ ఇవ్వలేదు. ‘ఓన్లీ టు సరోజ’ అంటే సరోజకే ఇచ్చాడు, చెల్లెలు అడిగినా ఇవ్వలేదు. ‘ఓన్లీ ఆన్ సండే’ అంటే ఆదివారమే ఇచ్చాడు, సోమవారం చేతులు ఊపుకుంటూ వచ్చాడు. మాటలు అవే, సంగతులు నాలుగు. ‘ది ఓన్లీ కాషూస్’ అన్నామంటే అక్కడ అది యాడ్‌వెర్బే కాదు, విశేషణం అయిపోతుంది. ఇంట్లో ఉన్న జీడిపప్పంతా ఇచ్చేశాడన్నమాట.

ఇక క్రియకు ముందు పెట్టి ‘అప్పన్న ఓన్లీ గేవ్ కాషూస్ టు సరోజ ఆన్ సండే’ అంటే? చిక్కంతా ఇక్కడే. ఇవ్వడమే చేశాడు, అమ్మలేదు అని ఒక అర్థం. కానీ ఇంగ్లీషువాళ్లు మాట్లాడేటప్పుడు ‘ఓన్లీ’ని ఎక్కువగా పెట్టేది ఈ చోటే. పెట్టి, తమకు కావలసిన మాట మీద గొంతుతో బరువు వేస్తారు. ‘కాషూస్’ని ఒత్తి పలికితే జీడిపప్పే అని, ‘సండే’ని ఒత్తితే ఆదివారమే అని వినేవాడికి అందుతుంది.

ఇది తప్పా అంటే, దీని మీద ఇంగ్లీషువాళ్లే రెండు వందల ఏళ్లకు పైగా పోట్లాడుకున్నారు. 18వ శతాబ్దంలో బిషప్ రాబర్ట్ లౌత్ వ్యాకరణం రాస్తూ, ‘ఓన్లీ’ తనకు సంబంధించిన మాట పక్కనే ఉండాలన్నాడు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు తెచ్చిన ఫౌలర్ ఇంత చాదస్తం అక్కర్లేదన్నాడు. అర్థం తడబడనంతవరకు సహజంగా వచ్చిన చోటే వదిలేయమన్నాడు. వాడుక మాట కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలోనే. అందుకేనేమో, నా ఓటు ఫౌలర్‌కే. ‘ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్’ అని ఎవరైనా అంటే దిద్దకండి. అది మంచి ఇంగ్లీషే.

రాతలో మాత్రం లౌత్ మాట వినాలి. కాగితం మీద గొంతు ఉండదు కదా. ఒక కాలేజీ నోటీసు బోర్డు మీద ఇలా ఉందనుకోండి: ‘ద ఆఫీస్ విల్ ఓన్లీ యాక్సెప్ట్ అప్లికేషన్స్ ఆన్ మండేస్.’ దరఖాస్తులు సోమవారాల్లోనే తీసుకుంటాం అని గుమాస్తా ఉద్దేశం. సోమవారాల్లో దరఖాస్తులే తీసుకుంటారట, ఫీజు కట్టించుకోరట అని ఒక పిల్లవాడు చదువుకోవచ్చు. రాజాం నుంచి బస్సెక్కి రావాల్సినవాడికి ఈ తేడాతో ఒక రోజు పోతుంది. ‘ఓన్లీ’ని రెండడుగులు జరిపి ‘అప్లికేషన్స్ ఓన్లీ ఆన్ మండేస్’ అంటే చిక్కు విడిపోతుంది.

అదే నోటీసు తెలుగులో రాయాలంటే ఆ అస్పష్టత తేవడమే కష్టం. ‘సోమవారాల్లోనే’ చివర వినిపించే మన ‘ఏ’ ఏదో ఒక మాటకి అతుక్కోక తప్పదు. సోమవారానికి అతకాలి, లేదా దరఖాస్తుకి అతకాలి. కాబట్టి ఇంగ్లీషులో రాసేముందు వాక్యాన్ని తెలుగులో అనుకోండి. ‘ఏ’ ఏ మాటకి అతుక్కుందో చూడండి. ఇంగ్లీషులో ఆ మాటకు సరిగ్గా ముందు ‘ఓన్లీ’ పెట్టండి.

ఈ ఉపాయానికి ఒక గొయ్యి ఉంది, మనందరం పడేది అందులోనే. ‘ఏ’ అన్న ప్రతిచోటా ‘ఓన్లీ’ అనే అర్థం ఉండదు. ‘మాది శ్రీకాకుళమే’ అంటాం. దాన్ని ‘ఐ యామ్ ఫ్రమ్ శ్రీకాకుళం ఓన్లీ’ అనేస్తాం. ‘ఇప్పుడే వచ్చాను’ని ‘ఐ కేమ్ నౌ ఓన్లీ’ అంటాం. మనలో మనకి అర్థమవుతుంది, బయటివాడు మాత్రం తికమకపడతాడు. అందుకని ‘ఏ’ తీసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. ‘సోమవారాల్లో మాత్రమే తీసుకుంటాం’ అంటే అర్థం చెడలేదు కాబట్టి ‘ఓన్లీ’ రావచ్చు. ‘మాది శ్రీకాకుళం మాత్రమే’ అంటే నవ్వొస్తుంది. అక్కడ ‘ఏ’ వట్టి నొక్కు, ఇంగ్లీషులో ఏమీ పెట్టక్కర్లేదు. ‘ఇప్పుడు మాత్రమే వచ్చాను’ అంటే ఇదివరకెప్పుడూ రాలేదన్న అర్థం వస్తుంది. మనకి కావలసింది ‘జస్ట్’: ‘ఐ హావ్ జస్ట్ కమ్’. ‘నేనే వండాను’లో ఇంకెవరూ సాయపడలేదన్నది ముఖ్యమైతే ‘మైసెల్ఫ్’ చాలు.

ఇక ‘ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, నెవర్’. ఇవి ఎన్నిసార్లు అన్నది చెప్పే మాటలు. వీటి చోటు పట్టుకోవడం సులువు. మామూలు క్రియ ఉంటే దానికి ముందు: ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’. ‘ఈజ్, ఆర్, వాజ్’ ఉంటే వాటి తర్వాత: ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’. సహాయక క్రియలు ఉంటే మొదటిదాని తర్వాత: ‘హీ హాజ్ ఆల్వేస్ బీన్ లేట్’. ‘యూజువల్లీ’, ‘సమ్‌టైమ్స్’ వాక్యం మొదట్లో కూడా కూర్చుంటాయి. ‘ఎవ్రీ సండే’, ‘ట్వైస్ ఎ వీక్’ లాంటివి క్రియ ముందుకు దూరవు. ‘ఐ ఎవ్రీ సండే గో టు అరసవల్లి’ కాదు, ‘ఐ గో టు అరసవల్లి ఎవ్రీ సండే’.

ఇది ఇవాళ బట్టీ పట్టినా రేపటికి వచ్చేస్తుంది. అసలు ప్రమాదం ‘కాదు’ అన్న అర్థం కలిసినప్పుడు. ‘వాడు ఎప్పుడూ రాడు’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే, ‘ఎప్పుడూ’ అంటే ‘ఆల్వేస్’ కదా అని ‘హీ ఆల్వేస్ డజంట్ కమ్’ అని రాస్తారు. అలా ఎవరూ అనరు. దిద్దబోయి ‘డజంట్’ని ముందుకు తెచ్చి ‘హీ డజంట్ ఆల్వేస్ కమ్’ అంటే వాక్యం సరిగ్గానే ఉంటుంది గానీ అర్థం తిరగబడుతుంది. దానర్థం అన్నిసార్లూ రాడు, కొన్నిసార్లు వస్తాడు అని. ‘నాట్’ తన వెనక వచ్చే ‘ఆల్వేస్’ని కొట్టేస్తుంది. మనకి కావలసింది ‘హీ నెవర్ కమ్స్’.

ఇప్పుడు కాగితాలు తీయండి. ‘మా అన్న ఎప్పుడూ టీ తాగడు’, ‘మా అన్న ఎప్పుడూ టీయే తాగుతాడు’. రెండూ ఇంగ్లీషులో రాసి ఇవ్వండి, చూస్తాను. రెండోదానిలో ‘ఆల్వేస్’, ‘ఓన్లీ’ రెండూ వస్తాయి, రెండింటి చోటూ వేరు.